ఎంతమంది వస్తే గిట్టుబాటు?

శ్రోతలకు నమస్కారం. విజయవాడలో ఒక ఆదివారం మగ్గం వర్క్ వర్క్‌షాప్ పెట్టాలనుకున్నారనుకోండి. టికెట్ ఎంత అనగానే, "పక్కవాళ్ళు వెయ్యి తీసుకుంటున్నారుగా, మనమూ అంతే" అనేస్తాం. ముందు ఖర్చు చూద్దాం.

హాలు అద్దె 8,000, నేర్పే ఆవిడకు 9,000, పోస్టర్లకూ ప్రచారానికీ 3,000. మొత్తం 20,000. ఒక్కరు వచ్చినా, ఇల్లంతా నిండినా ఈ ఖర్చు తప్పదు. ఇక వచ్చే ప్రతి మనిషికీ రింగు, గుడ్డ, సూది, పూసల కిట్టు 250, భోజనం 180, టీ, స్నాక్స్ 40, ఆన్‌లైన్ చెల్లింపు చార్జీ ఓ 30, వెరసి 500.

టికెట్ వెయ్యి అంటే, అందులో మనిషి ఖర్చు పోను మన చేతిలో మిగిలేది 500 మాత్రమే. ఆ 500తో 20,000 తీర్చాలంటే 40 మంది రావాలి. కానీ నేర్పే ఆవిడ, "సూది పట్టుకోవడం ఒక్కొక్కరికీ దగ్గరుండి చూపించాలి, 30 మందిని మించితే నావల్ల కాదు" అంటుంది. అంటే వెయ్యి రూపాయలకు హౌస్‌ఫుల్ అయినా నష్టమే!

అందుకే లెక్క తిరగేయాలి. 30 సీట్లూ నిండుతాయని ఆశ పెట్టుకోకుండా 25 మందిని ఖాయం అనుకుంటే, 20,000లో ఒక్కొక్కరి వాటా 800, దానికి మనిషి ఖర్చు 500 కలిపితే టికెట్ 1,300. ఆ పైన వచ్చే ఐదుగురూ మీ లాభం.

ఇక్కడే అందరూ పడే గొయ్యి ఒకటుంది, డిస్కౌంటు. "ముందు బుక్ చేస్తే పది శాతం తగ్గింపు" అంటే 130 రూపాయలే కదా అనిపిస్తుంది, కానీ కిట్టు, భోజనం ఖర్చు పైసా తగ్గదు కాబట్టి ఆ 130 మీ 800లోంచే పోతుంది. మిగిలేది 670. అందరికీ ఇచ్చేస్తే 25 కాస్తా 30 అయి కూర్చుంటుంది. అంత ఉదారంగా ఉండాలనిపిస్తే మొదటి ఐదుగురికే ఇవ్వండి.

వారం ముందు టెన్షన్ మొదలవుతుంది. 18 మందే డబ్బు కట్టారు, రద్దు చేద్దామా? హాలుకిచ్చిన అడ్వాన్సు 4,000, పోస్టర్ల 3,000 ఎలాగూ తిరిగి రావు, కాబట్టి రద్దు చేసినా 7,000 పోయినట్టే. జరిపితే 18 మంది దగ్గర మిగిలే 14,400 పోను నష్టం 5,600. అంటే జరపడమే నయం. 17 మంది ఉన్నా అంతే, 16కి పడితే మాత్రం రద్దే మేలు. ఈ నిర్ణయం హాలు మిగతా డబ్బు కట్టకముందే, క్యాటరింగ్ వాళ్ళకు ప్లేట్ల లెక్క చెప్పకముందే తీసుకోవాలి, ఎందుకంటే 25 ప్లేట్లు చెప్పాక 18 మందే తిన్నా బిల్లు 25కే వస్తుంది.