లోపమున్న సరుకును తిరస్కరిస్తూ అమ్మకందారుకు లేఖ ఎలా రాయాలి?

[తెరపై: తెరిచిన అట్టపెట్టె, వరుసగా పేర్చిన ఖాళీ ప్లాస్టిక్ జాడీలు]

నమస్కారం. డబ్బు కట్టి తెప్పించుకున్న సరుకులో లోపం కనబడినప్పుడు అమ్మకందారుకు పంపవలసిన లేఖను ఈ వీడియోలో ఒక ఊహాత్మక ఉదాహరణతో వాక్యం వెంట వాక్యం చూద్దాం. ఇది వ్యాపారి మరొక వ్యాపారి దగ్గర కొన్న సరుకు విషయం కాబట్టి, మనకు ముఖ్యంగా ఆధారమయ్యేది 1930 నాటి వస్తు విక్రయ చట్టం.

గుంటూరులో ఇంటి దగ్గరే పచ్చళ్లు పట్టి అమ్మే ఒక మహిళ, హైదరాబాదులోని ఒక సరఫరాదారుకు కిలో పచ్చడి పట్టే జాడీలు 2,000 కావాలని ఆర్డరు ఇచ్చారు. అంతకుముందు సరఫరాదారు పంపిన నమూనా జాడీలలో నూనె పోసి, కారడం లేదని చూసుకున్నాకే ఆమె ఒప్పుకున్నారు. జాడీ ఒక్కటి 18 రూపాయలు, జీఎస్టీతో కలిపి మొత్తం 42,480 రూపాయలు. అందులో సగం, అంటే 21,240 రూపాయలు, ముందే చెల్లించారు. మిగతా సగం సొమ్మును సరుకు అందిన 30 రోజులలో ఇవ్వాలి. లారీ కిరాయి 1,500 రూపాయలు ఆమే భరించారు. సరుకు అందిన 15 రోజులలో లోపం తెలియజేస్తే, సరఫరాదారు తన ఖర్చుతో 10 రోజులలో మార్చి ఇవ్వాలని, లేదా సొమ్ము వాపసు చేయాలని ఆర్డరు పత్రంలో ఒక షరతు ఉంది.

[తెరపై: ఆ షరతు ఉన్న పంక్తి కింద గీత]

ఈ షరతును గట్టిగా గుర్తుపెట్టుకోండి. సరుకు మార్చి ఇవ్వమని అడిగే హక్కును వస్తు విక్రయ చట్టం దానంతటది ఇవ్వదు. ముఖ్యమైన షరతు తప్పితే సరుకును తిరస్కరించే హక్కునూ, నష్టపరిహారం కోరే హక్కునూ ఆ చట్టం ఇస్తుంది. మార్పిడి మాత్రం ఒప్పందంలో రాసుకుంటేనే గట్టిగా అడగగలం. అందుకే లేఖలో మార్పిడి కోరే వాక్యం ఒప్పందంలోని షరతు సంఖ్యను పేర్కొనాలి.

జూన్ 3న సరుకు వచ్చింది. 20 పెట్టెలలో 5 తెరిచి, ఒక్కో దాని నుంచి 10 జాడీల చొప్పున 50 తీసి, నువ్వుల నూనె పోసి, మూత బిగించి, కాగితం మీద పక్కకు పడుకోబెట్టారు. మరునాటికి 19 జాడీల కింద కాగితం మీద నూనె మరకలు కనబడ్డాయి. కారిన జాడీ మూతి అంచు మీద వేలు పెట్టి తిప్పితే, అచ్చు రెండు భాగాలు కలిసే గీత దగ్గర సన్నని ఎత్తు తగులుతుంది; మూత లోపలి పొర అక్కడ సరిగా ఆనడం లేదు. దాచి ఉంచిన నమూనా జాడీలను అదే రీతిలో పరీక్షిస్తే ఒక్కటీ కారలేదు. ఈ పోలికే ఆమె వాదనకు వెన్నెముక. నమూనా చూపి అమ్మినప్పుడు మొత్తం సరుకు ఆ నమూనా నాణ్యతకు తగినట్టు ఉండాలని 17వ సెక్షన్ చెబుతుంది. పచ్చడి పోయడానికే కావాలని ముందే తెలిపి, అమ్మకందారు నైపుణ్యం మీద ఆధారపడి కొన్నారు కాబట్టి, సరుకు ఆ ప్రయోజనానికి తగినదై ఉండాలన్న 16వ సెక్షన్ కూడా వర్తిస్తుంది.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. "బాగున్నవి ఏరుకుని వాడుకుందాం, మిగతావి తిప్పి పంపుదాం" అనుకుంటారు. అలా విడదీయడానికి వీలులేని ఒప్పందంలో, సరుకులో కొంత భాగాన్ని అంగీకరించినా తిరస్కరించే హక్కు పోయి నష్టపరిహారం ఒక్కటే మిగులుతుందని 13వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. ఇక అంగీకారం అంటే సంతకం పెట్టడం ఒక్కటే కాదు. అందిన సరుకును సొంత వస్తువులాగా వాడుకున్నా, తిరస్కరిస్తున్నామని చెప్పకుండా సమంజసమైన కాలానికి మించి అట్టే పెట్టుకున్నా అంగీకరించినట్టే అని 42వ సెక్షన్ అంటుంది. అందుకే పరీక్షకు అవసరమైనన్ని మాత్రమే తెరిచి, మిగతా 15 పెట్టెలను సీలు తీయకుండా ఉంచడం మంచి పని.

[తెరపై: లేఖ, ఒక్కో పేరా వెలుగుతూ]

లేఖ ఇలా ఉంటుంది.

"విషయం: ఆర్డరు ప్రకారం జూన్ 3న అందిన 2,000 జాడీలను తిరస్కరించుట, మార్పిడి లేదా వాపసు కోరుట.

గౌరవనీయులకు, పై సరుకును జూన్ 5న పరీక్షించగా, 50 జాడీలలో 19 నూనెను కారుస్తున్నట్లు తేలినది. మీరు పంపిన నమూనా జాడీలు అదే పరీక్షలో కారలేదు. ఫోటోలు, పరీక్ష వివరాలు జతచేస్తున్నాము. సరుకు నమూనాకు తగినట్టు లేనందున, పచ్చడి నిల్వకు పనికిరానందున, మేము దీనిని మొత్తంగా తిరస్కరిస్తున్నాము. ఆర్డరులోని 7వ షరతు ప్రకారం ఈ లేఖ అందిన 10 రోజులలో మీ ఖర్చుతో నమూనాకు తగిన జాడీలను పంపగలరు. పంపనిచో, మేము చెల్లించిన 21,240 రూపాయలను, 1,500 రూపాయల కిరాయిని వాపసు చేయగలరు. మిగిలిన సగం ధర మా నుంచి రావలసినది కాదు. తిరస్కరించిన సరుకు మా వద్ద భద్రముగా ఉన్నది, మీరు వచ్చి తీసుకొనిపోగలరు. ఇతర నష్టములపై మా హక్కులు మాకు నిలిచియుండును."

"తిరస్కరిస్తున్నాము" అన్న క్రియ లేకుండా "నాణ్యత బాగాలేదు, పరిశీలించగలరు" అని రాస్తే అది ఫిర్యాదు మాత్రమే అవుతుంది. సరుకును తిరిగి పంపే బాధ్యత కొనుగోలుదారుదని అనుకోవలసిన పని లేదు. వేరే ఒప్పందం లేనప్పుడు, తిరస్కరిస్తున్నట్టు తెలియజేస్తే చాలని 43వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఎండకూ తడికీ పాడవకుండా జాగ్రత్తగా ఉంచాలి, అంతే. తీసుకెళ్లేవారికి అప్పగించేటప్పుడు పెట్టెల సంఖ్య రాసుకుని సంతకం తీసుకోవాలి.

ఇంకొక గడువు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. సరఫరాదారు చిన్న సంస్థల కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజులలో లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని అంగీకరించినట్టే భావిస్తారు, ఆ లెక్కన చెల్లింపు గడువు నడవడం మొదలవుతుంది. ఆలస్యమైతే చక్రవడ్డీ పడవచ్చు. ఫోనులో గట్టిగా చెప్పడం, వాట్సాప్‌లో గొంతు సందేశం పంపడం లిఖితపూర్వక అభ్యంతరమని ధీమాగా ఉండవద్దు. లేఖను ఆర్డరు పత్రంలోని చిరునామాకు అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపి, అదే రోజు ఈమెయిల్ కూడా చేయండి.

సరఫరాదారు వాపసు ఒప్పుకుంటే, బిల్లు సొమ్మును తగ్గిస్తున్నట్టు చూపే జీఎస్టీ క్రెడిట్ నోటు ఆయన ఇవ్వాలి. కొనుగోలుదారు ఆ బిల్లు మీద పన్ను క్రెడిట్ తీసుకుని ఉంటే దాన్ని వెనక్కి తిప్పాలి.

ఒప్పుకోకపోతే సివిల్ కోర్టులో వాపసు దావా వేయవచ్చు, చెల్లించిన తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం వస్తు విక్రయ చట్టం 61వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. వ్యాపారం కోసం కొన్న సరుకుకు సాధారణంగా వినియోగదారుల కమిషన్ దారి ఉండదు. కానీ స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం కొని వాడుకునేవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం మినహాయింపు ఇస్తుంది, ఈ పచ్చళ్ల తయారీదారు ఆ కోవలోకి రావచ్చు. అక్కడ ఫిర్యాదుకు 2 సంవత్సరాల గడువు, ఏ దారిలో వెళ్లినా మొదట చూపవలసిన పత్రం ఈ లేఖే.