రెడిస్‌లో సెషన్‌కు ఇచ్చిన గడువు నిలబడాలంటే

సభకు నమస్కారం. రెడిస్‌ను సెషన్ స్టోర్‌గా వాడేటప్పుడు కీలకు గడువు ఎలా పెట్టాలి, మెమరీ నిండినప్పుడు ఏ కీని తీసివేయాలో రెడిస్‌కు ఎలా చెప్పాలి అనే రెండు ప్రశ్నల గురించి ఈరోజు మాట్లాడతాను. ఈ రెండింటినీ విడివిడిగా చూడటం వల్లనే చాలా చోట్ల చిక్కు వస్తోందని నా అభిప్రాయం. గడువు అనేది మనం వినియోగదారుడికి ఇచ్చిన మాట: ఇంతసేపు మీరు కదలకుండా ఉన్నా మీ లాగిన్ పోదు అని. ఎవిక్షన్ అంటే మెమరీ చాలక రెడిస్ ఆ మాటను మన తరఫున తప్పడం. మామూలు క్యాష్‌లో ఒక కీ ముందే పోతే డేటాబేస్ నుంచి మళ్లీ తెచ్చుకుంటాం. సెషన్‌కు అలాంటి మూలప్రతి వేరే చోట లేదు కనుక, అది పోయిందంటే వినియోగదారుడు బయటపడ్డట్టే.

తరచుగా కనిపించే ఒక అమరికను తీసుకుందాం. ఒకే రెడిస్ సర్వర్‌లో పేజీల క్యాష్, సెషన్లు రెండూ ఉన్నాయి. `maxmemory` 2 గిగాబైట్లు, పాలసీ `allkeys-lru`. సెషన్ గడువు 30 నిమిషాలు, ప్రతి అభ్యర్థనకు అది మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రి వేళ అంతా సవ్యంగా ఉంటుంది. రద్దీ వేళల్లో మాత్రం, పొడవైన ఫారం నింపుతున్నవాళ్లు పది నిమిషాల తర్వాత సమర్పించబోతే లాగిన్ పేజీ ఎదురవుతుంది. అప్లికేషన్ లాగ్‌లో ఏ దోషమూ కనబడదు, ఎందుకంటే రెడిస్ దృష్టిలో తప్పేమీ జరగలేదు. కీ అడిగారు, లేదని చెప్పింది.

కారణం చిన్న భాగహారంలో తేలుతుంది. రద్దీ వేళ పేజీల క్యాష్‌లోకి సెకనుకు 4 మెగాబైట్ల కొత్త సమాచారం వస్తోందనుకోండి. 2048 మెగాబైట్లను 4తో భాగిస్తే 512 సెకన్లు, అంటే దాదాపు ఎనిమిదిన్నర నిమిషాలు. ఆ కాలంలో మెమరీ మొత్తం ఒకసారి కొత్త కీలతో మారిపోతుంది కాబట్టి, అంతసేపు ఎవరూ ముట్టని కీ ఏదైనా తొలగింపుకు దగ్గరపడుతుంది. ఫారం నింపుతున్న మనిషి సెషన్ సరిగ్గా అలాంటి కీ. మనం రాసిన గడువు 30 నిమిషాలైనా, సెషన్‌కు దక్కుతున్నది ఆ గడువులోనూ ఈ మార్పిడి కాలంలోనూ ఏది తక్కువైతే అది. రెడిస్ ఎల్‌ఆర్‌యూ ఉజ్జాయింపు మాత్రమే. అన్ని కీలనూ పోల్చదు, ప్రతిసారీ కొన్నింటిని నమూనాగా తీసి వాటిలో పాతదాన్ని ఎంచుతుంది. అందువల్ల ఆ ఎనిమిదిన్నర నిమిషాలు కూడా కచ్చితమైన హామీ కాదు, కొందరికి ఇంకా ముందే పోతుంది.

ఇదే జరుగుతోందా అని తెలుసుకోవడం కష్టం కాదు. `INFO stats` ఇచ్చే ఫలితంలో `expired_keys`, `evicted_keys` అని రెండు లెక్కలు ఉంటాయి. మొదటిది గడువు తీరి పోయినవి, రెండోది మెమరీ చాలక తీసివేసినవి. ఇవి సర్వర్ మొదలైనప్పటి నుంచి పెరుగుతూ వచ్చే మొత్తాలు కనుక ఒకసారి చూస్తే ప్రయోజనం లేదు. రద్దీ వేళ నిమిషానికొకసారి చూసి తేడా లెక్కగట్టాలి. ఫిర్యాదులు వచ్చే సమయంలోనే రెండో లెక్క ఎక్కుతూ ఉంటే కారణం దొరికినట్టే.

ఇక్కడ చాలామంది చేసే మొదటి సవరణ, సెషన్లను అదే సర్వర్‌లో డేటాబేస్ 0 నుంచి డేటాబేస్ 1కి మార్చడం. దానివల్ల ఏమీ మారదు. `maxmemory`, `maxmemory-policy` రెండూ సర్వర్ మొత్తానికి వర్తించేవే తప్ప డేటాబేస్‌కు ఒకటిగా ఉండేవి కావు. సెషన్లకు వేరే రెడిస్ ప్రాసెస్ ఉండాలి. అది అదే యంత్రం మీద మరో పోర్టులో నడిచినా సరే, మెమరీ పరిమితి మాత్రం దాని సొంతదై ఉండాలి.

వేరు చేశాక దానికి ఎంత మెమరీ ఇవ్వాలి? ఈ ప్రశ్నకు జవాబు గడువులోనే ఉంది. సెకనుకు పుట్టే సెషన్ల సంఖ్యను ఒక్కో సెషన్ బతికే సెకన్లతో గుణిస్తే ఏ క్షణానైనా ఉండే సెషన్ల సంఖ్య వస్తుంది. సెకనుకు 40 కొత్త సెషన్లు పుడుతున్నాయని, అందరికీ ఒకే గడువు 24 గంటలని అనుకుందాం. ఒక రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 34,56,000 కీలు. కీ, విలువ, రెడిస్ లోపలి ఖర్చు కలిపి ఒక్కోటి 1 కిలోబైట్ అనుకున్నా దాదాపు మూడున్నర గిగాబైట్లు. మీ సెషన్ అసలు పరిమాణాన్ని `MEMORY USAGE` ఆదేశంతో కొన్ని కీల మీద కొలిచి చూసుకోండి. మనం రాసిన విలువ కంటే అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

అయితే ఆ 40 మందిలో లాగిన్ అయ్యేది ఇద్దరే కావచ్చు. మిగిలిన 38 ఒక పేజీ చూసి వెళ్లిపోయే సందర్శకులు, సెర్చ్ బాట్లు. వీళ్లలో కుకీని తిరిగి పంపని బాట్‌కు ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త సెషన్ పుడుతుంది. వీటికి 24 గంటల గడువు ఎందుకు? లాగిన్ కాని సెషన్‌కు 30 నిమిషాలు, లాగిన్ అయినదానికి 24 గంటలు ఇస్తే మొదటి రకం 68,400, రెండో రకం 1,72,800. కలిపి 2,41,200 కీలు, సుమారు 240 మెగాబైట్లు. యంత్రం మార్చకుండా, ఒక్క గడువు మార్చినందుకు మెమరీ అవసరం దాదాపు పద్నాలుగో వంతుకు దిగింది. లాగిన్ సమయంలో భద్రత కోసం సెషన్ ఐడీని ఎలాగూ కొత్తది ఇవ్వాలి కనుక, పాత కీని తొలగించి కొత్త కీని పెద్ద గడువుతో రాయడానికి అదే తగిన చోటు.

గడువు పెట్టాం అనుకున్న కీకి గడువు లేకుండా పోయే మార్గాలు రెండు ఉన్నాయి. వీటి మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే పై లెక్కలన్నీ వీటివల్లే వమ్మవుతాయి. మొదటిది, గడువు ఉన్న కీ మీద `EX` లేకుండా మామూలు `SET` చేస్తే విలువతో పాటు పాత గడువు కూడా చెరిగిపోతుంది. రెండోది హ్యాష్‌గా సెషన్ దాచేవారికి ఎదురయ్యేది. `HSET` ఉన్న గడువును ముట్టదు, అది మంచిదే. కానీ కీ అప్పటికే పోయి ఉంటే ఆ ఒక్క ఫీల్డుతో, గడువు లేకుండా కొత్త కీని సృష్టిస్తుంది. ఒక ట్యాబ్‌లో లాగౌట్ అయిన క్షణంలోనే మరో ట్యాబ్‌లోని అభ్యర్థన చివరి సందర్శన సమయాన్ని రాస్తే, చచ్చిన సెషన్ సగం సమాచారంతో శాశ్వతంగా మిగిలిపోతుంది. సెషన్ మొత్తాన్ని ఒకే విలువగా దాస్తే మార్పులను ఇలా రాయవచ్చు:

```
SET sess:9f2c "..." XX EX 86400
```

కీ ఇంకా ఉంటేనే రాయమని `XX` చెబుతుంది. విలువ, గడువు ఒకే ఆదేశంలో చేరతాయి. లాగౌట్ తర్వాత ఆలస్యంగా వచ్చిన రాత దీనివల్ల సెషన్‌ను తిరిగి బతికించలేదు. విలువ మారనప్పుడు `EXPIRE` ఒక్కటే చాలు. గడువు లేని కీలు చేరుతున్నాయా అన్నది `INFO keyspace` చెబుతుంది: అందులో `keys`, `expires` అనే రెండు సంఖ్యలు సెషన్ సర్వర్‌లో దాదాపు సమానంగా ఉండాలి. వాటి మధ్య దూరం రోజురోజుకూ పెరుగుతుంటే, కోడ్‌లో ఎక్కడో ఒక చోట గడువు పోతోంది.

ఇక పాలసీ. మెమరీ సరిగ్గా ఇచ్చినప్పుడు అది పనిచేసే అవసరమే రాకూడదు. వచ్చిన రోజున ఎవరు నష్టపోవాలో ముందే తేల్చుకోవడం కోసమే దాన్ని ఎంచుకుంటాం. `noeviction` పెడితే ఒక్క సెషన్ కూడా ముందుగా పోదు, కానీ `SET` వంటి రాతలకు `OOM` దోషం వస్తుంది, కొత్త లాగిన్లు ఆగిపోతాయి. చదవడం, `EXPIRE` పనిచేస్తూనే ఉంటాయి కనుక అప్పటికే లోపల ఉన్నవారు విలువ మార్చనంత వరకు నిలుస్తారు. బాట్ల వరద వచ్చినప్పుడు మాత్రం ఇది అన్యాయం: మెమరీని బాట్లు నింపితే తలుపు మూసుకునేది మనుషులకు.

పైన చెప్పిన రెండు గడువుల అమరిక ఉంటే నేను `volatile-ttl` వైపు మొగ్గుతాను. గడువు ఉన్న కీలలో, తీరడానికి అతి తక్కువ సమయం మిగిలినదాన్ని ఇది ముందు తీసివేస్తుంది. లాగిన్ కాని సెషన్లలో ఏదీ 30 నిమిషాలు మించి మిగిలి ఉండదు కనుక తొలి వేటు వాటి మీదే పడుతుంది. లాగిన్ సెషన్లలో పోయేవి 23న్నర గంటలుగా ఎవరూ ముట్టనివి, అంటే ఎలాగూ అరగంటలో పోబోయేవి. ప్రతి వాడకానికీ గడువు మొదటికి వస్తుంది కాబట్టి ఒకే రకం సెషన్ల మధ్య మిగిలిన సమయపు క్రమమే చివరి వాడకపు క్రమం కూడా. ఎల్‌ఆర్‌యూ ఇచ్చే మేలు ఇందులో దానంతట అదే వస్తుంది.

```
maxmemory 1gb
maxmemory-policy volatile-ttl
maxmemory-samples 10
```

నమూనా సంఖ్యను 5 నుంచి 10కి పెంచితే ఎంపిక కొంచెం మెరుగవుతుంది, కొంచెం ప్రాసెసర్ ఖర్చవుతుంది. 1 గిగాబైట్‌లో లాగిన్ సెషన్లు పోగా మిగిలిన చోటు, మన లెక్క ప్రకారం, సెకనుకు సుమారు 480 అజ్ఞాత సెషన్లు పుట్టినా సరిపోతుంది.

ఈ పాలసీకి ఒక ప్రమాదం ఉంది. చిన్న గడువున్న కీ అప్రధానమైనదని ఇది నమ్ముతుంది. అదే సర్వర్‌లో ఐదు నిమిషాల ఓటీపీ, తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టారో లెక్కించే కీ ఉంటే, మెమరీ నిండగానే అన్నిటికంటే ముందు పోయేవి అవే. ఓటీపీ పోతే లాగిన్ విఫలమవుతుంది. లెక్క పోతే దాడి చేసేవాడికి మళ్లీ మొదటి నుంచి అవకాశాలు దొరుకుతాయి. బాట్ల వరద సమయంలోనే ఇది జరగడం మరీ ప్రమాదకరం. ఇలాంటి కీలను `noeviction` ఉన్న చిన్న సర్వర్‌లో వేరుగా ఉంచండి. అజ్ఞాత సెషన్‌లో కొనుగోలు బుట్ట ఉన్నవారు, బుట్టలో తొలి వస్తువు చేరగానే గడువును పెంచాలి.

నడుస్తున్న వ్యవస్థలో ఈ మార్పు చేసేటప్పుడు ముందు కోడ్‌ను సరిచేసి, తర్వాత `SCAN`తో పాత కీలను కొద్దికొద్దిగా చదివి, `TTL` -1 అని చెప్పిన సెషన్లకు గడువు పెట్టాలి. గడువు లేని కీలను ఏ `volatile` పాలసీ కూడా ముట్టదు, అలాంటివే మెమరీని నింపితే అది `noeviction` లాగే ప్రవర్తిస్తుంది. వేలాది పాత కీలకు ఒకే గడువు ఇస్తే అవన్నీ ఒకే నిమిషంలో తీరి సర్వర్ మీద భారం పడుతుంది కనుక, ఒక్కో కీకి కొంత యాదృచ్ఛిక సమయాన్ని కలపండి. పాలసీని `CONFIG SET`తో మార్చితే వెంటనే అమలవుతుంది, కానీ సర్వర్ పునఃప్రారంభమైతే పోతుంది. `CONFIG REWRITE` కూడా నడిపి ఫైల్‌లో చేరిందో లేదో చూసుకోండి. ఆ తర్వాత `evicted_keys` ఒక్కటి పెరిగినా హెచ్చరిక వచ్చేలా పెట్టండి. సెషన్ సర్వర్‌లో దానికి సున్నా తప్ప వేరే సరైన విలువ లేదు.