గ్యాప్ లెక్కలో సోడియంను సరిదిద్దకండి

"గ్లూకోజ్ 700 ఉన్నప్పుడు యానయాన్ గ్యాప్‌కు ఏ సోడియం వేయాలి సార్, ల్యాబ్ ఇచ్చిందా, కరెక్ట్ చేసిందా?"

ల్యాబ్ ఇచ్చిందే వేయాలి. ఈ మాట ఈ వీడియోలో పదేపదే చెబుతాను, ఎందుకంటే రెండోది వేస్తే రోగికి లేని జబ్బు కాగితం మీద పుట్టుకొస్తుంది.

డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో వచ్చిన ఒక రోగి అంకెలు ఊహించుకుందాం. గ్లూకోజ్ 700, సోడియం 126, క్లోరైడ్ 90, బైకార్బొనేట్ 16. సోడియం నుంచి మిగతా రెండింటినీ తీసివేస్తే గ్యాప్ 20 వస్తుంది. మామూలుగా ఉండవలసిన 12 కన్నా అది 8 ఎక్కువ. బైకార్బొనేట్ కూడా 24 నుంచి సరిగ్గా 8 తగ్గింది. ఎనిమిదిని ఎనిమిదితో భాగిస్తే డెల్టా రేషియో 1, అంటే కీటోఅసిడోసిస్ ఒక్కటే ఉంది.

ఇప్పుడు తప్పు దారిలో వెళ్దాం. 1973లో కాట్జ్ చెప్పిన ప్రకారం 100కు పైన ప్రతి 100 గ్లూకోజ్‌కూ సోడియంకు 1.6 కలపాలి కాబట్టి, 9.6 కలిసి అది 135.6 అవుతుంది. దీన్ని గ్యాప్‌లో వేస్తే 29.6, పెరుగుదల 17.6, రేషియో 2.2. రెండు దాటింది కనుక మెటబాలిక్ ఆల్కలోసిస్ కూడా ఉందని రాసేస్తారు! 1999లో హిల్లియర్ బృందం సూచించిన 2.4 వాడితే రేషియో ఏకంగా 2.8 అవుతుంది. రోగి మారలేదు, రక్తం మారలేదు, కలిపిన అంకె మాత్రమే మారింది.

కారణం చాలా సూటిగా ఉంటుంది. గ్లూకోజ్ కణాల్లోంచి నీటిని బయటకు లాగినప్పుడు సోడియం ఒక్కటే పలచబడదు, క్లోరైడ్, బైకార్బొనేట్ కూడా అదే నీటిలో పలచబడతాయి. మూడింటిలో ఒక్కదాన్నే పైకి లేపితే ఆ తేడా కల్పితం కాక మరేమిటి?

నా ఉద్దేశంలో దోషమంతా "కరెక్టెడ్" అన్న పేరుదే. ఆ మాట వినగానే ల్యాబ్ అంకె తప్పని విద్యార్థి నమ్ముతాడు. నిజానికి 126 ఆ క్షణాన రక్తంలో ఉన్న అసలు సోడియం. 135.6 అనేది గ్లూకోజ్ దిగితే సోడియం ఎంత ఉండవచ్చో చెప్పే అంచనా మాత్రమే.

ఆ అంచనాకు తన పని వేరే ఉంది. నాలుగు గంటల తరువాత గ్లూకోజ్ 400కు దిగిందనుకోండి, అప్పుడు కొలిచిన సోడియం 131 దగ్గరికి పెరగాలి. అది ఇంకా 126 దగ్గరే ఆగిపోతే కరెక్టెడ్ విలువ 130.8కి పడిపోయినట్టు, అంటే ఉప్పుకు మించి నీరు లోపలికి వెళుతోంది. ముఖ్యంగా పిల్లల్లో ఇది మెదడు వాపుకు ముందస్తు హెచ్చరిక కావచ్చు కాబట్టి, ఎక్కుతున్న సెలైన్ ఏదో, ఎంత వేగంతో ఎక్కుతోందో వెంటనే చూడాలి.