పదేళ్ళలో రెట్టింపు అంటే ఏటా 10 శాతం కాదు: 72 లెక్క

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. చేతులెత్తక్కర్లేదు, జవాబు మనసులో అనుకుంటే చాలు. "మీ డబ్బు పదేళ్ళలో రెట్టింపవుతుంది" అని ఒక పథకం అమ్మేవాళ్ళు చెప్పారనుకోండి. ఏడాదికి ఎంత శాతం చక్రవడ్డీ ఇస్తున్నట్టు?

చాలామందికి టక్కున తట్టేది 10. వందకి ఇంకో వంద కలిసింది, పదేళ్ళు పట్టింది, కాబట్టి ఏడాదికి పది. అమ్మేవాళ్ళలో కూడా కొందరు "సగటున ఏటా 10 శాతం" అని ఇదే లెక్క చెబుతారు. అబద్ధమని అనలేం గానీ, అది బారువడ్డీ లెక్క. చక్రవడ్డీ లెక్కలో ఆ పథకం ఇస్తున్నది 7.2 శాతం. ఇది పట్టుకోవడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, 72ని 10తో భాగిస్తే వచ్చేసింది. నిజంగా ఏటా 10 శాతం చక్రవడ్డీ ఇస్తే లక్ష పదేళ్ళకి 2 లక్షల 59 వేలు దాటుతుంది, 2 లక్షల దగ్గర ఆగదు.

సూత్రం ఇంతే. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే రెట్టింపు కావడానికి పట్టే ఏళ్ళు వస్తాయి, ఏళ్ళతో భాగిస్తే వడ్డీ రేటు వస్తుంది. మొదటిది అందరూ వాడతారు. నాకు మాత్రం రెండోదే ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే ప్రకటనల్లో రేటు దాచిపెట్టి "ఇన్నేళ్ళలో ఇంతవుతుంది" అని చెప్పడమే ఎక్కువ.

నమ్మకం కుదరాలంటే ఒకసారి చేత్తో వేసి చూద్దాం. 8 శాతం, వంద అసలు. 72ని 8తో భాగిస్తే 9 ఏళ్ళు రావాలి. మొదటి ఏడాది చివర 108. రెండో ఏడాది ఈ 108 మీద వడ్డీ కాబట్టి 116.64. తర్వాత 125.97, 136.05, 146.93, 158.69, 171.38, 185.09, తొమ్మిదో ఏడాది చివర 199.90. పది పైసలు తక్కువ. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, మొదటి ఏడాది వచ్చిన వడ్డీ 8, తొమ్మిదో ఏడాది ఒక్కదానిలోనే వచ్చింది 14.81, రేటు మాత్రం అదే. బారువడ్డీలో ప్రతి ఏడాదీ 8 మాత్రమే వస్తుంది కాబట్టి రెట్టింపుకి పన్నెండున్నర ఏళ్ళు కావాలి. అంటే బారువడ్డీకి 72 కాదు, 100ని భాగించాలి. ఇందాకటి 10 శాతం తికమక అక్కడినుంచి వచ్చిందే.

సరే, 72 ఎందుకు? 70 ఎందుకు కాకూడదు? వడ్డీ ప్రతి క్షణం అసలులో కలిసిపోతూ ఉంటే వాడాల్సిన అంకె 69.3, అది 2 యొక్క సహజ సంవర్గమానం 0.693 నుంచి వస్తుంది. కానీ మామూలుగా వడ్డీ ఏడాది చివరే కలుస్తుంది, అప్పటిదాకా దానిమీద వడ్డీ పెరగదు, అందుకని రెట్టింపు కాస్త ఆలస్యమవుతుంది, అంకె కాస్త పెరగాలి. ఎంత పెరగాలన్నది రేటును బట్టి ఉంటుంది. 2 శాతం దగ్గర 70, 8 శాతం దగ్గర 72, 20 శాతం దగ్గర 76 సరిపోతాయి. మామూలు పొదుపు రేట్లు 8కి అటూ ఇటూ ఉంటాయి, పైగా 72ని 2, 3, 4, 6, 8, 9, 12 అన్నిటితో శేషం లేకుండా భాగించొచ్చు. అలా 72 స్థిరపడిపోయింది. ఇది కొత్తదేమీ కాదు, 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథంలోనే ఉంది. సంవర్గమానాల మీద నేపియర్ పుస్తకం వచ్చింది 1614లో, అంటే అసలు కారణం చెప్పే గణితం రాకముందే ఈ లెక్క వాడకంలో ఉందన్నమాట.

రేటు 8కి బాగా దూరంగా ఉంటే చిన్న సవరణ చేసుకోండి. 8 నుంచి ప్రతి 3 శాతం పైకి వెళ్ళినప్పుడు 72కి ఒకటి కలపండి, కిందికి వస్తే ఒకటి తీసేయండి. 20 శాతం అనుకోండి, 8కి 12 దూరం, అంటే నాలుగు కలిపి 76. దాన్ని 20తో భాగిస్తే 3.8 ఏళ్ళు, అసలు లెక్క కూడా అంతే. సవరణ లేకుండా 3.6 వచ్చేది. అప్పు తీసుకున్నవాళ్ళకి ఈ తేడా పెద్దగా పట్టదు లెండి, ఎలాగూ నాలుగేళ్ళలోపే అప్పు రెట్టింపవుతుంది.

వడ్డీ మూడు నెలలకోసారి కలిసే చోట ఇంకో కిటుకు ఉంది. ఏడాదికి 8 శాతం అంటే మూడు నెలలకి 2 శాతం. 2 దగ్గర వాడే అంకె 70 కాబట్టి 35 విడతలు, అంటే 8 ఏళ్ళ 9 నెలలు. ఏటా కలిపే డిపాజిట్ కంటే మూడు నెలలు ముందే రెట్టింపవుతుంది.

ఇప్పుడు నా దృష్టిలో ఈ లెక్క అసలు విలువ తెలిసే చోటుకి వద్దాం. ఒకరికి ఏటా 8 శాతం వస్తోంది, ఇంకొకరికి అదే పెట్టుబడి మీద ఫీజులూ ఖర్చులూ పోను చేతికి 6 శాతమే వస్తోంది. రెండు శాతమే కదా అనిపిస్తుంది. 36 ఏళ్ళు చూడండి. 8 శాతం వాళ్ళకి తొమ్మిదేళ్ళకోసారి రెట్టింపు, అంటే నాలుగు సార్లు, లక్ష 16 లక్షలు. 6 శాతం వాళ్ళకి పన్నెండేళ్ళకోసారి, అంటే మూడు సార్లు, లక్ష 8 లక్షలు. సరిగ్గా ఒక రెట్టింపు మొత్తం ఎగిరిపోయింది, అదీ చివరిది, అన్నిటికంటే పెద్దది. అందుకే 72 కింద పెట్టే రేటు ఎప్పుడూ ఫీజులు, పన్ను పోను మిగిలేదే అయ్యుండాలి. ధరల పెరుగుదల కూడా తీసేస్తే ఇంకా చేదుగా ఉంటుంది. 8 శాతం వస్తుంటే ధరలు 6 శాతం పెరుగుతున్నాయనుకోండి, మిగిలేది 2 శాతం కంటే కాస్త తక్కువ, కాబట్టి కొనుగోలు శక్తి రెట్టింపు కావడానికి 36 ఏళ్ళ పైనే పడుతుంది.

చివరిగా, ఎక్కువమంది తప్పుగా వాడే చోటు. నెలనెలా కట్టే పొదుపుకి ఈ లెక్క పనిచేయదు. 8 శాతానికి తొమ్మిదేళ్ళు నెలనెలా కట్టాం కాబట్టి కట్టినదంతా రెట్టింపవ్వాలి అనుకుంటారు, తీరా చూస్తే కట్టినదానికి ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు, ఎవరో మోసం చేశారని టెన్షన్ పడతారు. మోసమేమీ లేదు. మొదటి నెల కట్టినదానికే తొమ్మిదేళ్ళు దొరికాయి, ఆఖరి నెల కట్టినదానికి ఒక్క నెలే. సగటున చూస్తే ప్రతి కిస్తుకీ నాలుగున్నర ఏళ్ళే. కాబట్టి ఇవాళ్టికి ఖాతాలో పోగైన మొత్తం వరకే 72తో లెక్కేసుకోండి, అది తొమ్మిదేళ్ళకి రెట్టింపవుతుంది. ఇకపై కట్టబోయేవాటిని దానిలో కలపకుండా విడిగా చూసుకోండి.