'దిగి' తర్వాత కామా

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఫుల్‌స్టాపు, కామా, ప్రశ్న గుర్తు, కొటేషన్ గుర్తుల గురించి మాట్లాడుకుందాం. ఇవి మన వచనంలోకి అచ్చుయంత్రంతో వచ్చి స్థిరపడ్డాయి. తాటాకు మీద రాసేవాళ్ళు సాధారణంగా మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వదలేవాళ్ళు కారు. పద్యానికి ఛందస్సు తోడుంటుంది కాబట్టి అలా నడిచిపోయింది. వచనానికి ఆ తోడు లేదు.

అన్నిటికంటే కామా దగ్గరే ఎక్కువ తేడాలొస్తాయి. నాకు బాగా ఇష్టమైన వాక్యం ఒకటి చెబుతాను, వినండి.

"అలిపిరి దగ్గర బస్సు దిగి ఏడుస్తున్న పిల్లాడిని తల్లి ఎత్తుకుంది."

బస్సు దిగింది ఎవరు? పిల్లాడా, తల్లా? మళ్ళీ చదువుతాను. "బస్సు దిగి ఏడుస్తున్న పిల్లాడిని తల్లి ఎత్తుకుంది." ఇలా ఒక్క ఊపున చదివితే పిల్లాడే దిగాడు, దిగి ఏడుస్తున్నాడు. ఇప్పుడు కొంచెం ఆగి చదువుతాను. "బస్సు దిగి, ఏడుస్తున్న పిల్లాడిని తల్లి ఎత్తుకుంది." ఇప్పుడు దిగింది తల్లి. పిల్లాడు అంతకుముందే అక్కడ నిలబడి ఏడుస్తున్నాడు. మాటలన్నీ అవే. మారింది కామా ఒక్కటే.

ఎందుకిలా అవుతుందంటే, 'దిగాడు' అంటే మగవాడని తెలుస్తుంది, 'దిగింది' అంటే ఆడమనిషని తెలుస్తుంది. 'దిగి' అన్నప్పుడు మాత్రం ఎవరన్నది ఆ మాటలో ఉండదు. వ్యాకరణంలో దీన్ని అసమాపక క్రియ అంటారు. అది తన తర్వాత వచ్చే ఇంకో క్రియను పట్టుకుని బతుకుతుంది. ఈ వాక్యంలో దాని తర్వాత 'ఏడుస్తున్న' ఉంది, 'ఎత్తుకుంది' కూడా ఉంది. కామా లేకపోతే దగ్గరున్న 'ఏడుస్తున్న'ను పట్టుకుంటుంది. కామా పెడితే దాన్ని దాటి చివరి క్రియ దాకా పోతుంది.

సరిగ్గా పెట్టామా లేదా అని చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. 'బస్సు దిగి' అన్న ముక్కను తీసుకెళ్ళి చివరి క్రియ పక్కన పెట్టండి. "ఏడుస్తున్న పిల్లాడిని తల్లి బస్సు దిగి ఎత్తుకుంది." మీరు చెప్పదలుచుకున్నది ఇదే అయితే అసలు వాక్యంలో కామా ఉండాలి. ఇది కాకపోతే అక్కడ కామా ఉండకూడదు.

"లేచి ముఖం కడుక్కుని టీ తాగి బయల్దేరాను" లాంటి వాక్యానికి ఈ పరీక్ష అక్కర్లేదు. అన్నీ చేసింది ఒక్కరే. అక్కడ కామాలు మీ ఇష్టం. నేనైతే పెట్టను.

ఇంకో సంగతి. కామా చిన్నది. తొందరలో చదివే కంటికి అది ఆనదు. ఎవరు దిగారన్నది నిజంగా ముఖ్యమైతే, ఉదాహరణకు ఫిర్యాదు కాగితం రాస్తున్నప్పుడు, కామాను నమ్ముకోవద్దు. "పిల్లాడు బస్సు దిగి ఏడుస్తున్నాడు. తల్లి వచ్చి ఎత్తుకుంది." ఇలా ఫుల్‌స్టాపు పెట్టి రెండు వాక్యాలు చేసేయండి.

కొటేషన్ గుర్తులకు వద్దాం. "శీను నేను పాసయ్యానని చెప్పాడు." ఇందులో పాసైంది శీనా, ఈ వాక్యం చెబుతున్న మనిషా? రెండూ కుదురుతాయి. 'నేను' తీసి 'తను' పెట్టి చూడండి. "శీను తను పాసయ్యానని చెప్పాడు." మీరు అనుకున్న అర్థం ఇదే అయితే ఆ మాటలు శీనువి, వాటికి కొటేషన్లు పెట్టొచ్చు. ఇక్కడే చాలామంది తడబడతారు. 'పాసయ్యానని' కలిసిపోయిన మాట, దాని మధ్యలో కొటేషన్ మూయలేం. ముందు సంధి విడదీయాలి. శీను, "నేను పాసయ్యాను" అని చెప్పాడు. 'అని' ఎప్పుడూ కొటేషన్ బయటే ఉంటుంది.

ఇక ప్రశ్న గుర్తు. "రైలు ఎప్పుడొస్తుందని అడిగాడు." 'ఎప్పుడు' కనిపించగానే చివర ప్రశ్న గుర్తు పెట్టేస్తుంటారు. ఇక్కడ మనం ఎవరినీ ఏమీ అడగడం లేదు, అతను అడిగాడని చెబుతున్నాం. కాబట్టి ఫుల్‌స్టాపే. "రైలు ఎప్పుడొస్తుందని అడిగాడా?" అంటే అడుగుతున్నది మనం, అప్పుడు ప్రశ్న గుర్తు కావాలి. అతని మాటల్ని ఉన్నదున్నట్టు రాస్తే, "రైలు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. ప్రశ్న గుర్తు కొటేషన్ లోపల, ఫుల్‌స్టాపు వాక్యం చివర. మీరు రాసినదాంట్లో ప్రశ్న గుర్తు ఉన్న ప్రతిచోటా ఆగి, ఆ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పాలో చూసుకోండి. జవాబు చెప్పాల్సిన మనిషి లేకపోతే ఆ గుర్తు తీసేయండి.