విమానంలో, మీటింగ్‌లో చేతి వాచీ: ఏ మోడ్ దేన్ని ఆపుతుంది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. స్మార్ట్‌వాచ్‌లోని ఏరోప్లేన్ మోడ్, థియేటర్ మోడ్, లో పవర్ మోడ్ గురించి ఈరోజు మీ ప్రశ్నలు తీసుకుంటున్నాం. ముందుగా వచ్చిన సందేశాల్లో ఎక్కువ భాగం ఆపిల్ వాచ్ గురించే ఉన్నాయి కాబట్టి ప్రధానంగా దాని మీదే మాట్లాడదాం. మేడమ్, కాల్స్‌లోకి వెళ్లే ముందు ఏమైనా చెబుతారా?

నిపుణురాలు: ఒక్క విషయం చెబుతాను. ఏరోప్లేన్ మోడ్ సిగ్నల్ని ఆపుతుంది. థియేటర్ మోడ్ వెలుతురునీ చప్పుడునీ ఆపుతుంది. లో పవర్ మోడ్ వెనకాల జరిగే కొలతల్ని, అప్‌డేట్లని తగ్గిస్తుంది. నోటిఫికేషన్ రాకుండా చూడటం ఈ మూడింటిలో దేని పనీ కాదు. దానికి నెలవంక గుర్తుతో డూ నాట్ డిస్టర్బ్ వేరే ఉంది. వాచ్ఓఎస్ 10 నుంచి పక్క బటన్ ఒక్కసారి నొక్కితే కంట్రోల్ సెంటర్ తెరుచుకుంటుంది, ఇవన్నీ అక్కడే కనబడతాయి.

వ్యాఖ్యాత: మొదటి కాల్ గచ్చిబౌలి నుంచి. చెప్పండి సార్.

కాలర్ (గచ్చిబౌలి): నమస్తే మేడమ్. క్లయింట్ మీటింగ్ ఉన్నప్పుడల్లా వాచ్‌లో విమానం బొమ్మ నొక్కేస్తాను. అయినా చెయ్యి వణుకుతూనే ఉంటుంది. మొన్న ఎవరో చెబితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్లూటూత్ కూడా ఆపేశాను. ఈసారి వాచ్ ఊరుకుంది గానీ జేబులో ఫోన్ మోగింది. ఇదెక్కడి గోల?

నిపుణురాలు: రెండూ ఒకే కారణం వల్ల జరిగాయండీ. మామూలుగా వాచ్‌లో ఏరోప్లేన్ మోడ్ వేస్తే వైఫై, సెల్యులర్ ఆగుతాయి కానీ బ్లూటూత్ నడుస్తూనే ఉంటుంది. మీ ఫోన్ నుంచి వాచ్‌కి కబురు వచ్చేది ఆ బ్లూటూత్ మీదే. అందుకే మొదట్లో ఏ తేడా కనబడలేదు. ఇక రెండోది. ఫోన్ లాక్ అయి ఉండి, వాచ్ చేతికి ఉండి అన్‌లాక్ అయి ఉంటే నోటిఫికేషన్ వాచ్‌కే వెళుతుంది, ఫోన్ చప్పుడు చేయదు. మీరు బ్లూటూత్ తెంపేసరికి వాచ్ దొరకలేదు, దాంతో ఆ పని ఫోన్ మీద పడింది. ఫోన్ సైలెంట్‌లో లేదు కాబట్టి మోగింది.

కాలర్ (గచ్చిబౌలి): మరి ఏం చేయమంటారు?

నిపుణురాలు: మీటింగ్‌లో విమానం బొమ్మ జోలికి వెళ్లకండి. కంట్రోల్ సెంటర్‌లో నెలవంక నొక్కి డూ నాట్ డిస్టర్బ్ ఎంచుకోండి. అక్కడే ఎంతసేపు అని అడుగుతుంది. ఒక గంట పెట్టుకోవచ్చు, లేదా ఈ చోటు వదిలి వెళ్లేవరకు అన్నది ఎంచుకోవచ్చు. నేనైతే రెండోదే పెట్టుకోమంటాను, మీటింగ్ సాగినా ఇబ్బంది ఉండదు. ఫోన్‌లోని వాచ్ యాప్‌లో జనరల్, ఫోకస్ అనే చోట మిర్రర్ మై ఐఫోన్ ఆన్‌లో ఉంటే వాచ్‌లో వేసిన డూ నాట్ డిస్టర్బ్ ఫోన్‌కీ పడుతుంది. అప్పుడు చెయ్యీ వణకదు, జేబూ మోగదు.

వ్యాఖ్యాత: ఇంటి నుంచి అత్యవసరమైన కాల్ వస్తేనో?

నిపుణురాలు: ఫోకస్ సెట్టింగ్స్‌లో రిపీటెడ్ కాల్స్‌కి అనుమతి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే అదే నంబర్ నుంచి 3 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ వినబడుతుంది. ఇంట్లో వాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

కాలర్ (గచ్చిబౌలి): మరి ఆ రెండు ముఖాల బొమ్మ, థియేటర్ మోడ్, అది అక్కర్లేదా?

నిపుణురాలు: అది కూడా వేయండి, కానీ వేరే పనికి. మీరు చెయ్యెత్తి నోట్స్ రాసుకుంటారు, స్క్రీన్ వెలుగుతుంది. ఎదుటివాళ్లకి మీరు టైమ్ చూసుకుంటున్నట్టు అనిపిస్తుంది. థియేటర్ మోడ్‌లో చెయ్యెత్తినా స్క్రీన్ వెలగదు, ఎప్పుడూ వెలిగుండే డిస్‌ప్లే కూడా ఆరిపోతుంది, సైలెంట్ మోడ్ దానంతటదే పడుతుంది. టైమ్ కావాలంటే స్క్రీన్ మీద తట్టాలి, లేదా క్రౌన్ గానీ పక్క బటన్ గానీ నొక్కాలి. కానీ ఒక్క థియేటర్ మోడే వేస్తే నోటిఫికేషన్ వచ్చినప్పుడు మణికట్టు మీద తట్టడం మాత్రం మామూలే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ చెయ్యి బల్లకి ఆని ఉంటే పక్కవాళ్లకీ వినబడుతుంది. అందుకే నెలవంక, ముఖాల బొమ్మ రెండూ వేయమంటున్నాను.

ఇంకొక్క జాగ్రత్త. సైలెంట్‌లో ఉన్నా సరే, వాచ్ ఛార్జర్ మీద ఉంటే అలారం, టైమర్ పైకే మోగుతాయి. మీటింగ్ గదిలో వాచ్ తీసి ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ పెట్టేవాళ్లు చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఛార్జింగ్ పెట్టే ముందు అలారాలు ఏమున్నాయో ఒకసారి చూసుకోండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (గుంటూరు): నమస్తే అమ్మా. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఆయనా నేనూ వచ్చే నెల హైదరాబాద్ నుంచి దోహా మీదుగా వెళుతున్నాం. ఇద్దరికీ ఆపిల్ వాచ్ సిరీస్ 9 కొనిచ్చింది. బ్యాటరీ ఒక్క రోజు కూడా రాదు కదా, దారిలో ఆగిపోతుందేమోనని. ఆయనకి గుండె వేగం పెరిగితే చెప్పేలా పెట్టి ఉంచింది.

నిపుణురాలు: ముందు మీ వాచ్ సంగతి చూద్దామమ్మా. ఎయిర్‌పోర్ట్‌లో 3 గంటలు, దోహాకి 4 గంటల పైన, అక్కడ ఆగడం 3 గంటలు, ఆ తర్వాత డాలస్‌కి 16 గంటల దాకా అనుకుందాం. అంతా కలిపితే ఇంచుమించు 27 గంటలు. సిరీస్ 9కి కంపెనీ చెప్పేది మామూలుగా 18 గంటలు, లో పవర్ మోడ్‌లో 36 గంటలు. దోహా దాకా మామూలుగా వాడి, అక్కడి నుంచి లో పవర్ వేద్దామంటే లెక్క సరిపోదు. పదిన్నర గంటల్లో సగానికి పైగా బ్యాటరీ ఖర్చయిపోతుంది. మిగిలింది లో పవర్‌లో దాదాపు 15 గంటలే వస్తుంది, డాలస్ చేరకముందే వాచ్ ఆగిపోవచ్చు. అదే హైదరాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడే వేసేస్తే, నిండా ఛార్జ్ చేసి బయలుదేరారు కాబట్టి నూటికి 80 పైనే మిగిలి ఉంటుంది. అది లో పవర్‌లో 30 గంటల దాకా వస్తుంది. మీకు కావలసింది 24. కాబట్టి ఎక్కేటప్పుడే వేయండి.

కాలర్ (గుంటూరు): ఎలా వేయాలమ్మా?

నిపుణురాలు: పక్క బటన్ నొక్కండి. బ్యాటరీ శాతం అంకె కనబడుతుంది, దాని మీద తట్టండి. లో పవర్ మోడ్ అని వస్తుంది, ఆన్ చేయండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మధ్యలో ఛార్జింగ్ పెడితే, 80 శాతానికి చేరగానే లో పవర్ మోడ్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది. చాలామంది దోహాలో ఛార్జ్ చేసుకుని, మోడ్ ఉందనుకుని ఎక్కేస్తారు. ఛార్జర్ నుంచి తీశాక గడియారం ముఖం పైన పసుపు రంగు గుర్తు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మళ్లీ వేయండి. సీటు దగ్గరి యూఎస్‌బీలో ఛార్జింగ్ నిదానంగా ఎక్కుతుంది. పవర్ బ్యాంక్ మీద ఆధారపడకండి, కొన్ని విమాన సంస్థలు లోపల దాన్ని వాడనివ్వడం లేదు. దోహాలో గోడ సాకెట్ దొరికితే అదే మేలు.

వ్యాఖ్యాత: మరి వాళ్లాయన వాచ్‌కీ ఇదేనా?

నిపుణురాలు: ఆయన వాచ్‌కి లో పవర్ మోడ్ వేయవద్దమ్మా. ఆ మోడ్‌లో గుండె వేగం పెరిగిందనో తగ్గిందనో చెప్పే హెచ్చరికలు, లయ తప్పిందని చెప్పేవి, వెనకాల తనంతట తానే తీసుకునే కొలతలు ఆగిపోతాయి. అమ్మాయి దేనికోసం పెట్టిందో అదే పోతుంది. ఆయన థియేటర్ మోడ్ వేసుకోవాలి. ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే ఆగుతుంది కాబట్టి బ్యాటరీ కాస్త మిగులుతుంది, చీకట్లో పక్క సీటువాళ్లకీ ఇబ్బంది ఉండదు, హెచ్చరిక వస్తే చేతి మీద తడుతుంది. అయితే దానికి బ్యాటరీ 27 గంటలు రాదు. దోహాలో తప్పనిసరిగా ఛార్జ్ చేయాలి. వాచ్‌తో వచ్చిన కేబుల్‌కి 20 వాట్ల టైప్-సి అడాప్టర్ వాడితే ఖాళీ నుంచి 80 శాతానికి దాదాపు 45 నిమిషాలు చాలు. డాలస్ విమానంలో నిద్రపోయే ముందు మరోసారి చూసుకోండి. ఇంకో మాట, ఈ వాచ్ గుండెపోటును పసిగట్టలేదు. ఒంట్లో బాగోలేదనిపిస్తే వాచ్ ఏం చెబుతుందోనని చూడకుండా వెంటనే సిబ్బందిని పిలవండి.

కాలర్ (గుంటూరు): ఏరోప్లేన్ మోడ్ ఇద్దరం వేయాలా?

నిపుణురాలు: ఇద్దరూ వేయాలి. ఫోన్‌లోని వాచ్ యాప్‌లో జనరల్, ఏరోప్లేన్ మోడ్, మిర్రర్ ఐఫోన్ ఆన్ చేసి ఉంచండి. ఫోన్‌లో వేయగానే పక్కనున్న వాచ్‌లోనూ పడుతుంది. బ్లూటూత్ అలాగే ఉంటుంది, సిబ్బంది వద్దంటే వాచ్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్‌లోకి వెళ్లి ఆపవచ్చు. ఆపితే మాత్రం దిగాక మళ్లీ ఆన్ చేయాలి, లేకపోతే వాచ్‌లో హైదరాబాద్ టైమే నడుస్తూ ఉండవచ్చు.

కాలర్ (గుంటూరు): రాసుకున్నానమ్మా. చాలా సంతోషం.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి ఒక సందేశం. తక్కువ ధర వాచ్ అట, అందులో విమానం బొమ్మే లేదంటున్నారు.

నిపుణురాలు: అలాంటి వాటిలో చాలావాటికి సిమ్మూ వైఫై ఉండవు, బ్లూటూత్ ఒక్కటే. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వాచ్ కూడా ఆపమంటే పవర్ ఆఫ్ చేయడమే. మీటింగ్‌లో డూ నాట్ డిస్టర్బ్ వేసి, చెయ్యెత్తితే వెలిగే సెట్టింగ్‌ని కూడా ఆపేయండి. అలాంటి వాటిలో థియేటర్ మోడ్‌కి దగ్గరగా వచ్చేది అదే.

వ్యాఖ్యాత: చివరి కాల్ విశాఖపట్నం నుంచి.

కాలర్ (విశాఖపట్నం): మేడమ్, నాది సెల్యులర్ వాచ్. ఢిల్లీ నుంచి వచ్చాక ఫోన్ ఇంట్లో పెట్టి బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వెళితే కాల్స్ రావడం లేదు. ఇంట్లో ఉంటే బాగానే వస్తున్నాయి. ఈసిమ్ పోయిందా?

నిపుణురాలు: ఈసిమ్‌ని అనుమానించే ముందు వాచ్ ముఖం పైన చూడండి. చిన్న విమానం గుర్తు ఉందా?

కాలర్ (విశాఖపట్నం): ఉందండీ! ఫోన్‌లో తీసేశాను కదా, మిర్రర్ కూడా ఆన్‌లోనే ఉంది.

నిపుణురాలు: మిర్రర్ ఉన్నా సరే, ఏరోప్లేన్ మోడ్ తీసేటప్పుడు ఫోన్‌లో వేరుగా, వాచ్‌లో వేరుగా తీయాలి. ఇంట్లో ఉన్నప్పుడు బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి కాల్స్ వస్తున్నాయి కాబట్టి మీకు తేడా తెలియలేదు. ఫోన్ దూరమయ్యాకే వాచ్ సొంత సిగ్నల్ అవసరం పడింది. ఇప్పుడే పక్క బటన్ నొక్కి విమానం బొమ్మ మీద తట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్, వాచ్ సెట్టింగ్స్‌లో వైఫై ఆపేసి కాసేపు చూడండి, సిగ్నల్ గీతలు ఆకుపచ్చగా వస్తే వాచ్ సొంతంగా నెట్‌వర్క్ అందుకున్నట్టే. గీతలు వచ్చాక కూడా ఫోన్ దగ్గర లేనప్పుడు కాల్స్ రాకపోతే, లో పవర్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అందులో ఫోన్ దగ్గర లేకపోతే వాచ్ వైఫైని, సెల్యులర్‌ని ఆపేస్తుంది.

కాలర్ (విశాఖపట్నం): ఆకుపచ్చ గీతలు వచ్చాయి మేడమ్. లో పవర్ లేదు.

నిపుణురాలు: అయితే ఫోన్‌లో బ్లూటూత్, వాచ్‌లో వైఫై మళ్లీ ఆన్ చేసేసుకోండి. ఈసిమ్ బాగానే ఉంది.