ముందు పరీక్షించాల్సింది ఏది?

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను: కొత్త వ్యాపార ఆలోచన వచ్చినప్పుడు, అందులో ముందు పరీక్షించాల్సిన భాగం ఏది?

1999లో అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ అనే యువకుడికి బూట్లు ఆన్‌లైన్‌లో అమ్మాలన్న ఆలోచన వచ్చింది. తర్వాత జాపోస్ అనే పెద్ద కంపెనీ అయింది అదే. ఆ ఆలోచన నిలబడాలంటే చాలా విషయాలు నిజం కావాలి. వెబ్‌సైట్ తయారు కావాలి, తయారీదారులు సరుకు ఇవ్వాలి, గోదాము నడవాలి, పార్సిల్ సమయానికి చేరాలి. వీటితోపాటు, కాలికి తొడిగి చూడకుండానే జనం బూట్లు కొనాలి.

వీటిలో ఏది బలహీనమో తేల్చడానికి నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఇది అబద్ధమని తేలితే ఆలోచన మొత్తం పోతుందా? ఇది నిజమనడానికి ఇవాళ మన చేతిలో ఏం ఆధారం ఉంది? వెబ్‌సైట్లు అప్పటికే చాలామంది కట్టారు. గోదాము నడపడం కష్టమే కానీ తెలిసిన పని. తొడిగి చూడకుండా కొంటారా అన్నదానికి మాత్రం గట్టి ఆధారం లేదు, కొనకపోతే మిగతావన్నీ ఉండీ దండగే.

స్విన్‌మర్న్ గోదాము కట్టలేదు, సరుకు నిల్వ పెట్టలేదు. దగ్గర్లోని బూట్ల షాపుకి వెళ్లి, అనుమతి అడిగి ఫోటోలు తీసి సైట్‌లో పెట్టాడు. ఆర్డర్ వస్తే అదే షాపులో పూర్తి ధరకు కొని పంపేవాడు. అలా అమ్మితే లాభం ఉండదు, పంపే ఖర్చు కూడా మీద పడుతుంది. కానీ ఈ పరీక్ష లాభం గురించి కాదు. ఒక్క ప్రశ్నకు జవాబు కోసం, అదీ డబ్బు చెల్లించిన కొనుగోలుదారుల నుంచి. ఇలాంటి పరీక్షలో ఆర్డర్ల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదని నా అభిప్రాయం. సందేహమంతా కొలత సరిపోతుందా అన్నదాని మీద కదా, అందుకని వెనక్కి పంపకుండా ఎందరు ఉంచుకున్నారన్నదే అసలు జవాబు.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ప్రోగ్రాం రాయడం వచ్చినవాళ్లు ముందు యాప్ కడతారు, డిజైన్ వచ్చినవాళ్లు లోగో గీస్తారు. చేతనైన పనిలో టెన్షన్ ఉండదు, అందుకే. ఇంకొందరు స్నేహితులను పిలిచి "ఇలాంటిది వస్తే కొంటావా?" అని అడుగుతారు. ఎదురుగా కూర్చున్న మనిషిని నొప్పించడం ఎందుకని ఎవరైనా కొంటాననే అంటారు. అది ఆధారం కింద లెక్కకు రాదు. పరీక్షకు ముందే ఒక అంకె కాగితం మీద రాసుకోవాలి: సైట్ చూసిన 100 మందిలో ఇంతమంది కన్నా తక్కువ కొంటే ఆపేస్తాను అని. ఫలితం వచ్చాక రాసే అంకె ఎప్పుడూ మనకు అనుకూలంగానే వస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా భిన్నమైన కేసు చూద్దాం. ఇరిడియం. భూమ్మీద ఎక్కడినుంచైనా మాట్లాడగలిగే ఉపగ్రహ ఫోన్. ఆలోచన 1980ల చివర్లో మొదలైంది, సేవ 1998 నవంబర్‌లో వచ్చింది. దాదాపు 500 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 1999 ఆగస్టుకల్లా కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. సాంకేతికంగా వ్యవస్థ పనిచేసింది. ఇంజినీర్లు కష్టమనుకున్న భాగం గట్టెక్కింది. కూలింది వేరే చోట: వేల డాలర్ల ఖరీదు చేసే బరువైన ఫోన్‌ని, భవనం లోపల సరిగ్గా పనిచేయనిదాన్ని, తగినంతమంది వ్యాపార ప్రయాణికులు కొంటారన్న నమ్మకం దగ్గర. ఈలోగా మామూలు మొబైల్ నెట్‌వర్క్‌లు వాళ్లు తిరిగే నగరాలన్నిటికీ పాకాయి.

ఇక్కడ చిక్కేమిటంటే, కొద్దిపాటి సేవ మొదలుపెట్టి చూసే దారి లేదు. ఉపగ్రహాలు భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి, ఒక్కొక్కటి మీ తలమీద కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆగకుండా మాట్లాడాలంటే 66 ఉపగ్రహాలూ పైన ఉండాల్సిందే. అంటే కొనేవాళ్లున్నారా అన్న ప్రశ్నకు పూర్తి జవాబు రావాలంటే ముందు మొత్తం ఖర్చు పెట్టాలి.

అందుకే రెండు ఆలోచనల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, నేను లాభం అంచనాలు పక్కనబెట్టి ఒకటే అడుగుతాను: దీని బలహీనమైన చోటు పరీక్షించడానికి ఎంత ఖర్చు, ఎంత కాలం? ఒకదానికి రెండేళ్లు, ఇంకోదానికి రెండు వారాలు పడితే, లాభం కాస్త తక్కువైనా రెండోదే తీసుకుంటాను. అది పోయినా, మొదటిదానికి పట్టే కాలంలో ఇలాంటివి ఇంకెన్నో చూడొచ్చు. అలాగని ఖరీదైనవన్నీ వదిలేయాలని కాదు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించకుండా తేల్చుకోలేం, అది చౌకగా జరగదు.

అలాంటప్పుడు బలహీనమైన చోటునే ముక్కలు చేయాలి. ఇరిడియంలోనూ చౌక ముక్కలు ఉన్నాయి. అదే బరువు, అదే సైజు ఉన్న ఉత్తుత్తి ఫోన్ కొందరు ప్రయాణికుల చేతికిచ్చి, మాట్లాడాల్సిన ప్రతిసారీ బయటికి వెళ్లమంటే, ఎందరు దాన్ని వారం తర్వాతా వెంట ఉంచుకున్నారో తెలిసేది. మొబైల్ కవరేజీ ఏ నగరాలకు చేరిందో ఏటా మ్యాప్ చూస్తే చాలు, దానికి ఖర్చేమీ లేదు. అయితే అది ఏ గీత దాటితే ప్రాజెక్టు ఆపుతామో ఉపగ్రహాలు ఎగరకముందే రాసి ఉంచుకోవాలి.